‘గొర్రెల్లా తలూపారు’ అన్న మాటలో వాదన ఎంత?

కోపంతో రాసిన రాజకీయ పోస్టులో ఘాటు తగ్గించమంటే చాలామంది చేసే మొదటి పని తిట్లు వెతికి కొట్టేయడం. ‘దద్దమ్మలు’ పోతుంది, ‘సిగ్గులేని’ పోతుంది, వరసగా పెట్టిన మూడు ఆశ్చర్యార్థకాలు ఒకటవుతాయి. తీరా చదివి చూస్తే రెండు రకాల నష్టం కనిపిస్తుంది. తిట్టుతో పాటు దాని లోపల మడిచి పెట్టిన ఫిర్యాదు కూడా పోయి ఉంటుంది. వెటకారం మాత్రం ఎక్కడికీ పోకుండా క్రియల చివర హాయిగా కూర్చుని ఉంటుంది. అంటే పోవాల్సింది ఉండిపోయింది, ఉండాల్సింది పోయింది.

ఇది ఎలా జరుగుతుందో, ఎలా తప్పించుకోవచ్చో ఒక పోస్టును పూర్తిగా విప్పి చూస్తే తెలుస్తుంది. ఉదాహరణ కోసం ఒక ఊహా నగరం అనుకుందాం. రాత్రి తొమ్మిది తర్వాత సిటీ బస్సులు ఆపేయాలని అక్కడి నగర కౌన్సిల్ ఓటింగ్ పెట్టి తీర్మానించింది. మండిపోయిన ఒకాయన ఇలా రాశాడు:

“రాత్రి తొమ్మిది దాటితే బస్సులుండవట! ఎక్కేవాళ్ళు లేరట! ఏసీ కార్లలో తిరిగే ఈ మహానుభావులకి బస్సంటే ఏంటో తెలుసా అసలు? సెలవుల్లో రెండు వారాలు లెక్క తీసి జనం లేరనడానికి సిగ్గుండాలి. 84 పేజీల రిపోర్టు ముందురోజు సాయంత్రం చేతిలో పెడితే పదకొండు మంది గొర్రెల్లా తలూపి చేతులెత్తారు. ఎవడి దగ్గర ఎంత తిన్నారో! పదింటికి డ్యూటీ దిగే నర్సులు నడిచి పోవాలా? ఏడాదంతా లెక్క తీశామని సమావేశంలో చెప్పిన ఆ కమిటీ ఛైర్మన్ పచ్చి అబద్ధాలకోరు. వీళ్ళకి ఓటేసిన దద్దమ్మలకి ఈ శాస్తి జరగాల్సిందే.”

నిజానికి ఇది మంచి పోస్టే. మంచి అంటే, లోపల సరుకున్న పోస్టు అని. తిట్లను కాసేపు పక్కన పెట్టి ‘ఏం జరిగింది?’ అన్న ఒక్క ప్రశ్నతో ప్రతి వాక్యాన్నీ అడిగితే చాలా సమాధానాలు వస్తాయి. రాత్రి బస్సులు ఆపేశారు. ప్రయాణికులు తక్కువన్నది చెప్పిన కారణం. ఆ లెక్క సెలవుల్లో రెండు వారాలు తీశారు. 84 పేజీల నివేదిక సభ్యులకు అందింది ఓటింగ్‌కు ముందురోజు సాయంత్రం. పదకొండు మంది అనుకూలంగా ఓటేశారు. ఆస్పత్రి సిబ్బందికి పదింటికి డ్యూటీ ముగుస్తుంది. ఛైర్మన్ చెప్పిన మాట ఒకటి, లెక్క తీసిన తీరు ఇంకొకటి. ఇవన్నీ కాగితం తిరగేసో, మనిషిని అడిగో సరిచూడగలిగినవే. తిరగరాసే పనిలో వీటిలో ఒక్కటి కూడా జారిపోకూడదు. అందుకే కలం పెట్టే ముందు వీటిని విడిగా రాసి పెట్టుకోవడం మంచిది. చివర్లో సరిచూసుకోవడానికి ఆ జాబితాయే దిక్కు.

ఇప్పుడు గొర్రెల దగ్గరికి వద్దాం. తిట్లలో రెండు రకాలున్నాయి. కొన్ని వట్టి తిట్లు, విప్పితే లోపల ఏమీ ఉండదు. ‘దద్దమ్మలు’ అలాంటిది. కొన్ని మాత్రం ఆరోపణను కుదించి పెట్టిన పొట్లాలు. ‘గొర్రెల్లా తలూపారు’ అన్నప్పుడు రాసినవాడు చెబుతున్నది జంతువు గురించి కాదు. ‘చదవకుండా, ఆలోచించకుండా, ముందు నడిచేవాణ్ణి చూసి ఓటేశారు’ అంటున్నాడు. అది గట్టి ఆరోపణ. గొర్రెలు అన్న మాట కొట్టేసి “పదకొండు మంది అనుకూలంగా ఓటేశారు” అని వదిలేస్తే ఆ ఆరోపణ కూడా చచ్చిపోతుంది. పోస్టు పెద్దమనిషి తరహాలో కనిపిస్తుంది గానీ, రాసినవాడు అన్నది అందులో ఉండదు.

కాబట్టి పొట్లం విప్పాలి. చదవకుండా ఓటేశారనడానికి అతని దగ్గర ఉన్న ఆధారం ఏమిటి? 84 పేజీలు, ఒక సాయంత్రం. సభ్యుల తలలో ఏముందో అతనికి తెలియదు, కానీ వాళ్ళకి ఎంత టైమ్ ఇచ్చారో తెలుసు. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: “84 పేజీల నివేదికను ఓటింగ్‌కు ముందురోజు సాయంత్రం ఇచ్చారు. దాన్ని పూర్తిగా చదివి, లెక్కలు సరిచూసి ఓటేసే వ్యవధి సభ్యులకు లేదు. అయినా వాయిదా కోరకుండా పదకొండు మంది అనుకూలంగా ఓటేశారు.” ఇందులో తిట్టు లేదు. కానీ ఆ పదకొండు మందికి ఇది గొర్రెలు అనిపించుకోవడం కంటే ఇబ్బంది. గొర్రె అంటే ‘నోరు అదుపులో పెట్టుకో’ అని ఎదురు తిరగొచ్చు. వాయిదా ఎందుకు కోరలేదంటే జవాబు వెతుక్కోవాలి. అయితే ‘వాయిదా కోరకుండా’ అన్న ముక్క అసలు పోస్టులో లేదని గమనించాలి. అది నిజమో కాదో రాసినవాణ్ణి అడిగాకే చేర్చాలి. తిరగరాసేవాళ్ళు తెలియకుండా చేసే పెద్ద తప్పు ఇక్కడే ఉంది. వాక్యం బాగా కుదిరిందని కొత్త విషయం ఒకటి దూర్చేస్తారు.

ఛైర్మన్ సంగతి ఇంకాస్త సున్నితం. ‘అబద్ధం’ అనే మాటకు రెండు కాళ్ళు ఉంటాయి. చెప్పింది నిజం కాదు అన్నది ఒకటి, నిజం కాదని తెలిసే చెప్పాడు అన్నది రెండోది. మొదటిదాన్ని కాగితంతో చూపించొచ్చు. రెండోదానికి వేరే ఆధారం కావాలి. ‘అబద్ధాలకోరు’ అయితే ఇంకో మెట్టు పైకెళ్ళి, అది అతని స్వభావమే అంటోంది. ఒక్క సంఘటన చూపించి స్వభావం మీద తీర్పు ఇవ్వడం కుదరదు. ఇక్కడ చేతిలో ఉన్నదల్లా ఒక పొంతన కుదరని జంట: సమావేశంలో ఛైర్మన్ ఏడాదంతా లెక్క తీశామన్నారు, నివేదికలో మాత్రం సెలవుల్లో రెండు వారాల లెక్కే ఉంది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఆగిపోవడమే ఉత్తమం. చదివేవాడే ఆ మిగతా అడుగు వేస్తాడు. ఒకవేళ ఆ నివేదిక మీద ఛైర్మన్ సంతకం ఉందని తేలితే, ‘ఈ సంగతి ఆయనకు తెలుసు’ అని కూడా రాయొచ్చు. అప్పుడు అది తిట్టు కాదు, ఆధారమున్న మాట. ఘాటైన మాటలన్నీ అవమానాలు కావు. ఆధారం ఎంతవరకు మోస్తుందో అంతవరకు ఎంత గట్టిగా రాసినా తప్పులేదు.

‘ఎవడి దగ్గర ఎంత తిన్నారో’ విషయంలో పెద్దగా ఆలోచించాల్సింది లేదు. లంచం ఆధారం ఉంటే అది వేరే పోస్టు, ఇంకా పెద్ద పోస్టు. లేకపోతే వాక్యం మొత్తం పోవాలి. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే: దాన్ని తీసేసి ఆ స్థానంలో “దీనివల్ల ఎవరికి లాభమో ప్రజలే ఆలోచించాలి” అని పెట్టే అలవాటు. అది అదే లంచం ఆరోపణ, కాస్త ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుంది. ఏసీ కార్ల వాక్యం కూడా ఇలాగే పోతుంది, కానీ కారణం వేరు. వాళ్ళు బస్సు ఎక్కేవాళ్ళే అయినా సెలవుల లెక్క తప్పు లెక్కే అవుతుంది. అంటే వాదన ఆ వాక్యం మీద ఆధారపడి లేదు. వాదన ఆనని వాక్యం మనిషిని గుచ్చుతోందంటే, అది గుచ్చడానికే ఉందన్నమాట.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన చోటు. మన భాషలో అవమానం పెద్ద పదాల్లో కంటే చిన్న ప్రత్యయాల్లో ఎక్కువ దాక్కుంటుంది. “బస్సులుండవట” లో ఉన్న ‘ట’ ను చూడండి. మామూలుగా అది విన్న మాట చెప్పడానికి వాడేదే. “రేపు వాన పడుతుందట” అంటే ఎవర్నీ ఏమీ అన్నట్టు కాదు. కానీ రాజకీయ పోస్టులో వరసగా రెండు సార్లు ‘ట’ పడితే అది మూతి విరుపు అయిపోతుంది. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ‘ట’ పెడితే ఆ మాట ఎవరన్నారో చెప్పనక్కరలేదు. “ఎక్కేవాళ్ళు లేరట” అన్నది కౌన్సిలా, ఛైర్మనా, పక్కింటాయనా? దాన్ని “ప్రయాణికులు తక్కువగా ఉన్నారని కౌన్సిల్ చెబుతోంది” అని మారిస్తే వెటకారం పోవడమే కాదు, ఆ మాటకు యజమాని కూడా దొరికాడు. స్వరం సవరిస్తే వాదన బలపడిన చోటు ఇది.

గౌరవ వాచకాలతో తిప్పలు ఇంకో రకం. ‘ఎవడి’, ‘వాడు’, ‘వీళ్ళకి’ లాంటివి తేలిగ్గా కంటికి కనిపిస్తాయి. కానీ వాటిని సరిదిద్దే ఉత్సాహంలో కొందరు “ఛైర్మన్ గారు సెలవిచ్చారు” అని రాస్తారు. అది మొదటిదానికంటే పెద్ద వెటకారం. ‘మహానుభావులు’ అంతే, ‘ఘనత వహించిన’ అంతే. రాజకీయ తెలుగులో గౌరవం కొలతకు మించి పోస్తే తిట్టుగా మారుతుంది. వార్తలు రాసే పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోతుంది: “ఛైర్మన్ అన్నారు”, “సభ్యులు ఓటేశారు”. ‘గారు’ అవసరం లేదు, ‘వాడు’ పనికిరాదు. మాటల చుట్టూ అనుమానంగా పెట్టే కొటేషన్ గుర్తులు, వాక్యం చివర తగిలించే ‘అసలు’ కూడా ఈ కుటుంబమే. “తెలుసా?” అంటే ప్రశ్న, “తెలుసా అసలు?” అంటే చెంపదెబ్బ.

ప్రశ్న గుర్తు ఉన్నంత మాత్రాన అన్నీ తీసేయాల్సిన పని లేదు. “పదింటికి డ్యూటీ దిగే నర్సులు నడిచి పోవాలా?” అన్న వాక్యంలో కోపం ఉంది గానీ ఎవరికీ అవమానం లేదు. పోస్టు మొత్తంలో అత్యంత బలమైన వాక్యం ఇదే. ఒక మనిషిని, ఒక సమయాన్ని, ఒక ఇబ్బందిని కళ్ళ ముందు పెట్టింది. దీన్ని “రాత్రి పూట పనిచేసే వర్గాలకు అసౌకర్యం కలిగే అవకాశం ఉంది” అని చల్లబరిస్తే అది సవరణ కాదు, పాడుచేయడం.

చివరి వాక్యం, ఓటర్లను దద్దమ్మలన్నది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది. మిగతా తిట్లు అధికారంలో ఉన్నవాళ్ళ మీద పడ్డాయి. ఇది చదివేవాళ్ళ మీద పడింది. వాళ్ళకి ఓటేసి ఇప్పుడు ‘ఈ బస్సుల పని బాగోలేదే’ అనుకుంటున్నవాళ్ళే ఈ పోస్టుకి అందరికంటే అవసరమైన పాఠకులు. వాళ్ళ మనసు మార్చాల్సిన చోట వాళ్ళ ముఖం మీద తలుపేసింది. ఇందులో విప్పడానికి ఆరోపణేమీ లేదు. నేరుగా పోవాలి.

అయితే ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. ఘాటు తీసేస్తే మనవాళ్ళకే నచ్చదు, ఎవరూ పట్టించుకోరు అని. దృష్టిని లాగడంలో తిట్టుకు బలం ఉన్న మాట నిజమే, కానీ మెప్పు తేవడంలో ఉందా అన్నది అనుమానం. జెరెమీ ఫ్రైమర్, లిండా స్కిట్కా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2018లో అమెరికా రాజకీయాల మీద తమ అధ్యయనాలు ప్రచురించారు. మర్యాద తప్పి మాట్లాడిన నాయకుల మీద ఆదరణ తగ్గడం వాటిలో కనిపించింది. ఎదుటి పక్షంలోనే కాదు, సొంత మద్దతుదారుల్లో కూడా. అది నాయకుల గురించిన పరిశోధన, పోస్టులు రాసే మామూలు మనుషుల గురించి కాదు కాబట్టి మక్కీకి మక్కీ అన్వయించకూడదు. కానీ ‘మనవాళ్ళకి తిట్టే కావాలి’ అన్న నమ్మకాన్ని కాస్త సందేహించడానికి అది చాలు.

తిట్లు తీశాక పోస్టులో ఒక ఖాళీ బయటపడుతుంది. సెలవుల్లో లెక్క తీశారు, కాబట్టి నిర్ణయం తప్పు. ఈ రెండింటి మధ్య మెట్టు ఎక్కడుంది? బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో వాదనను విడదీసి చూపించినప్పుడు సరిగ్గా ఈ మెట్టుకే విడిగా పేరు పెట్టాడు. ఆధారం ఒకటి, తేల్చిన మాట ఒకటి, ఆ ఆధారం నుంచి ఆ మాటకు ఎలా వెళ్ళొచ్చో చెప్పే లంకె ఇంకొకటి. కోపంగా రాసే పోస్టుల్లో లంకె దాదాపు ఎప్పుడూ ఉండదు, దాని స్థానంలో తిట్టు ఉంటుంది. “సిగ్గుండాలి” అన్నది సరిగ్గా లంకె ఉండాల్సిన చోటే కూర్చుంది. దాన్ని తీసి అసలు లంకె పెట్టాలి: సెలవుల్లో కాలేజీలు, ఆఫీసులు మూసి ఉంటాయి, అప్పటి ప్రయాణికుల సంఖ్యను చూసి మామూలు రోజుల అవసరాన్ని అంచనా వేయలేం. రాసినవాడికి ఇది మరీ తేటతెల్లంగా అనిపించి రాయలేదు. ఆ లెక్క గురించి మొదటిసారి వింటున్నవాడికి మాత్రం ఆ వాక్యమే కీలకం.

ఇంకో ఖాళీ కూడా ఉంది. మొత్తం పోస్టులో అతనికి ఏం కావాలో ఎక్కడా లేదు. బస్సులు వెంటనే తిరిగి నడపాలా? మళ్ళీ లెక్క తీయాలా? ఛైర్మన్ రాజీనామా చేయాలా? ఇది సవరించేవాళ్ళు ఊహించి రాయాల్సిన విషయం కాదు, అడగాల్సిన విషయం. మామూలు రోజుల్లో మళ్ళీ లెక్క తీసేదాకా బస్సులు నడపాలన్నదే కోరిక అని అతను చెప్పాడనుకుందాం. సభ్యులెవరూ వాయిదా అడగలేదని కూడా ఖాయం చేశాడనుకుందాం. అప్పుడు పోస్టు ఇలా తయారవుతుంది:

“రాత్రి తొమ్మిది తర్వాత సిటీ బస్సులు ఆపేయాలని నగర కౌన్సిల్ తీర్మానించింది. ప్రయాణికులు తక్కువగా ఉన్నారని కౌన్సిల్ చెబుతోంది. ఆ లెక్క తీసింది సెలవుల్లో. కాలేజీలు, ఆఫీసులు మూసి ఉన్న రోజుల లెక్క చూసి మామూలు రోజుల అవసరం తేల్చలేం. ఏడాదంతా లెక్క తీశామని కమిటీ ఛైర్మన్ సమావేశంలో అన్నారు. నివేదికలో ఉన్నది రెండు వారాల లెక్కే. 84 పేజీల నివేదిక సభ్యుల చేతికి వచ్చింది ఓటింగ్‌కు ముందురోజు సాయంత్రం. అది చదివి సరిచూసే టైమ్ లేకపోయినా, వాయిదా కోరకుండా పదకొండు మంది అనుకూలంగా ఓటేశారు. పదింటికి డ్యూటీ దిగే నర్సులు నడిచి పోవాలా? మామూలు రోజుల్లో మళ్ళీ లెక్క తీయండి. అప్పటిదాకా బస్సులు నడపండి.”

ఇందులో కోపం తగ్గలేదు. ‘నడపండి’ అన్న ఆజ్ఞ కూడా అలాగే ఉంది, “నడిపితే బాగుంటుందేమో పరిశీలించగలరు” గా మారలేదు. ముఖ్యంగా పనులు చేసినవాళ్ళు వాక్యాల్లో ఉన్నారు. మర్యాదగా రాయాలనుకునేవాళ్ళు “నిర్ణయం తీసుకోబడింది”, “నివేదిక ఆలస్యంగా అందజేయబడింది” వైపు జారిపోతారు. తెలుగులో అవి ఎలాగూ ఎబ్బెట్టు వాక్యాలు. దానికి తోడు, ఎవరు చేశారన్నది వాటిలో మాయమవుతుంది. రాజకీయ వాదనలో ‘ఎవరు’ పోయాక విమర్శ ఎవరికీ తగలదు. అవమానించకుండా ఉండటానికి బాధ్యుణ్ణి దాచాల్సిన అవసరం లేదు.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రెండు రూపాలనూ విషయం తెలియని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి ఒకే ప్రశ్న అడగాలి: ఇతను ఎవరు ఏం తప్పు చేశారంటున్నాడు, ఎందుకంటున్నాడు? రెండు సమాధానాలూ కలవాలి. కొత్తది చదివినవాడు ‘బస్సుల విషయంలో ఏదో అసంతృప్తి ఉన్నట్టుంది’ అన్నాడంటే అతిగా చల్లబరిచారు. పాతది చదివినవాడు చెప్పని తప్పు కొత్తది చదివినవాడు చెబితే, సవరించినవాళ్ళ సొంత అభిప్రాయం లోపలికి వచ్చింది. రెండో పరీక్ష ఆ పదకొండు మందిలో ఒకరిలా కూర్చుని చదవడం. జవాబు ఇవ్వాలంటే లెక్క గురించో, నివేదిక గురించో మాట్లాడక తప్పని స్థితి వస్తే పని అయినట్టే. ‘ముందు మాట సరిగా మాట్లాడటం నేర్చుకో’ అని తప్పించుకునే సందు ఏ వాక్యంలో దొరికినా, ఆ వాక్యాన్ని మళ్ళీ పట్టుకోవాలి.

అన్ని పోస్టులకూ ఈ పని కుదరదు. “వీళ్ళంతా దొంగలు, వీళ్ళ వెనక తిరిగేవాళ్ళు తొత్తులు, ఈ నగరం సర్వనాశనం” అన్న పోస్టును ‘ఏం జరిగింది?’ అని అడిగితే ఒక్క సమాధానం కూడా రాదు. దాన్ని మర్యాదగా తిరగరాయాలంటే లోపల వాదన మనమే పెట్టాలి, అప్పుడది ఆ మనిషి పోస్టు కాకుండా పోతుంది. అలాంటిదాన్ని ముట్టుకోకుండా, ‘నీకు ఇంత కోపం తెప్పించిన పని ఏదో ఒక్కటి చెప్పు’ అని రాసినవాడికే తిరిగి ఇవ్వాలి.